ఇంటి ప్రథమ చికిత్స పెట్టె: గడువు గడిలో ఏ తేదీ రాయాలి, ఏడాదికొకసారి ఎప్పుడు సరిచూడాలి?

మాధవి, నల్లకుంట
8 మార్చి 2026, ఉదయం 10:40

అందరికీ నమస్కారం. మా ఇంట్లో ఆరుగురం ఉంటాము. అందులో ఇద్దరు పెద్దవాళ్లు, ఇద్దరు బడికి వెళ్లే పిల్లలు. హాలులో బీరువా మీద ఒక ప్లాస్టిక్ పెట్టెలో దెబ్బలకు, జ్వరానికి, విరేచనాలకు కావలసినవి పెట్టి ఉంచుతాము. ఈ ఉగాదికి ఇల్లు దులిపేటప్పుడు ఆ పెట్టెను పూర్తిగా ఖాళీ చేసి, మూత లోపలి వైపు ఒక పట్టిక అతికించి, ఇకపై ప్రతి ఉగాదికీ దాన్ని చూసి మార్చవలసినవి మార్చాలని అనుకుంటున్నాను. వస్తువు పేరు, ఎన్ని ఉన్నాయి, గడువు తేదీ అని మూడు గడులు గీశాను.

రాయడం మొదలుపెట్టగానే మూడు చోట్ల పెన్ను ఆగిపోయింది. సెట్రిజిన్ మాత్రలు నాలుగు ఉన్న ముక్క ఒకటి ఉంది. మందుల దుకాణంలో కత్తిరించి ఇచ్చినది కాబట్టి దాని మీద పేరు సగమే ఉంది, తేదీ అసలే లేదు. బెటాడిన్ ఆయింట్‌మెంటు ట్యూబు మీద 2027 నవంబరు అని ఉంది కానీ, దాని మూత నిరుడు ఆగస్టులోనే తీశాము. ఇక క్రేప్ బ్యాండేజీ మీద, డిజిటల్ థర్మామీటరు మీద గడువు అన్నదే ఎక్కడా కనబడదు. వీటికి ఆ మూడవ గడిలో ఏమి రాయాలో తెలిసినవారు చెప్పగలరు.

సుజాత, సైనిక్‌పురి
8 మార్చి 2026, ఉదయం 11:25

మాధవిగారూ, మా ఇంట్లో ఇలాంటి పట్టిక రెండేళ్లుగా ఉంది. మా నాన్నగారికి బీపీ, షుగరు, గుండె మందులు కలిపి రోజుకు తొమ్మిది మాత్రలు. వాటిని ఉదయం, మధ్యాహ్నం, రాత్రి అని మూడు గడులుగా రాసి, భోజనానికి ముందా తరువాతా అనేది ఎర్ర సిరాతో గుర్తుపెట్టాము. నెల సరుకుతో పాటే మందులు కూడా తెస్తాము కాబట్టి గడువు గురించి మాకు చింత లేదు. మీరు కూడా ఉగాది దాకా ఆగకుండా నెలనెలా చూసుకుంటే ఈ ఇబ్బందులేవీ రావని నా అభిప్రాయం.

కిరణ్, మియాపూర్
8 మార్చి 2026, మధ్యాహ్నం 12:10

గడువు తేదీ గురించి మనం అవసరానికి మించి భయపడుతున్నామని నేను అనుకుంటున్నాను. అమెరికా సైన్యం తమ గోదాముల్లో గడువు దాటిన మందులను పరీక్ష చేయించినప్పుడు, వాటిలో ఎక్కువ భాగం ఇంకా కొన్నేళ్లపాటు పూర్తి బలంతో ఉన్నాయని తేలింది. ఆ తేదీ దాటిన మర్నాడే మాత్ర విషమైపోదు. తయారుచేసినవాడు హామీ ఇచ్చే ఆఖరి రోజు అది, అంతే. అలాంటప్పుడు ప్రతి ఏడాదీ పెట్టె ఖాళీ చేసి కొత్తవి కొనడం డబ్బు వృథా. రంగు మారిందా, వాసన వస్తోందా అని చూసుకుంటే సరిపోతుంది.

రామచంద్రరావు, మలక్‌పేట
8 మార్చి 2026, సాయంత్రం 5:15

మాధవిగారూ, నేను ఒక ఆసుపత్రి ఫార్మసీలో చాలా ఏళ్లు పనిచేసి విశ్రాంత జీవితం గడుపుతున్నాను. మీ పెన్ను ఆగిన మూడు చోట్లా చిక్కు ఒకటే. ఒక్క గడి చేత మీరు రెండు వేరువేరు సంగతులు మోయిస్తున్నారు. మొదటిది తయారీదారు ముద్రించిన తేదీ. అది మూత తీయని, సీలు చెదరని, డబ్బా మీద చెప్పినంత చల్లదనంలో ఉంచిన సరుకుకే వర్తిస్తుంది. రెండవది మీరు మూత తీసిన రోజున మొదలయ్యే గడువు. దానికి ముద్రించిన తేదీతో సంబంధం లేదు. ఈ రెండింటిలో ఏది ముందు వస్తే ఆ రోజుతో ఆ వస్తువు పని అయిపోయినట్లే. కాబట్టి మూడవ గడిని నాలుగు గడులుగా చీల్చండి: ముద్రించిన గడువు, తెరిచిన తేదీ, తెరిచాక ఎన్ని నెలలు, తీసివేయవలసిన తేదీ.

తెరిచాక ఎన్ని నెలలు అన్నది ముందుగా డబ్బా మీద, లోపలి కాగితం మీద వెతకాలి. కంటి చుక్కల మందు మీద మూత తీసిన నెల రోజులలోపు వాడాలని సాధారణంగా రాసే ఉంటుంది. ఆయింట్‌మెంటు ట్యూబు మీద చాలాసార్లు ఏమీ ఉండదు. అలా లేనప్పుడు ట్యూబుకు ఆరు నెలలు అని ఇంటి వాడకానికి నేను చెబుతాను. ఇది చట్టం కాదు, అనుభవంతో పెట్టుకున్న హద్దు. ఆ లెక్కన మీ బెటాడిన్ ట్యూబు ఫిబ్రవరిలోనే అయిపోయింది, దాని మీద 2027 నవంబరు అని ఉన్నా సరే. తెరిచిన తేదీని ట్యూబు మీదే రాయండి. లోహపు ట్యూబు మీద సిరా చెరిగిపోతుంది కనుక, పెట్టెలో ఉండే మైక్రోపోర్ టేపు ముక్కను ట్యూబు మెడ దగ్గర చుట్టి దాని మీద బాల్ పెన్నుతో రాస్తే ఏడాదైనా నిలుస్తుంది.

కత్తిరించిన మాత్రల సంగతి మన ఊళ్లో ప్రతి ఇంటిదీ. బ్యాచ్ నంబరు, గడువు స్ట్రిప్పుకు ఒక కొసనే అచ్చు వేస్తారు. దుకాణదారు ఆ కొసను చివరిదాకా తన దగ్గర ఉంచుకోవాలి కనుక రెండవ కొస నుంచి కత్తిరించి ఇస్తాడు. అది అతని వైపు నుంచి సరైన పద్ధతే. తేదీ లేని ముక్క మన చేతికి రావడం దాని ఫలితం. దీనికి విరుగుడు బిల్లులో ఉంది. మందుల బిల్లు తీసి చూడండి, ప్రతి మందు ఎదురుగా బ్యాచ్ నంబరు, గడువు నెల, సంవత్సరం ముద్రించి ఉంటాయి. ఆ బిల్లును ఫోనులో ఫోటో తీసుకుని, ముక్కను చిన్న జిప్ కవరులో వేసి, లోపల ఒక చీటీ మీద మందు పేరు, మోతాదు, గడువు రాసి పెట్టాలి. బిల్లు లేకపోతే మీ సెట్రిజిన్ ముక్కకు ఆ గడిలో రాయవలసినది ఏమీ లేదు, పారవేయడమే. పెట్టెలోకి మాత్రం ఇకపై పూర్తి స్ట్రిప్పులే కొనండి. రేకులో నుంచి మాత్రలు తీసి సీసాలో పోసుకునే అలవాటు ఉంటే మానుకోండి, తేమ నుంచి వాటిని కాపాడేది ఆ రేకే.

కిరణ్‌గారు చెప్పిన అమెరికా సైన్యపు పరీక్షలు నిజమే. అయితే అవి సీలు తీయని అసలు ప్యాకింగులో, వేడి అదుపులో ఉన్న గోదాముల్లో దాచిన సరుకు మీద చేసినవి. మే నెలలో నలభై డిగ్రీలు దాటే ఊళ్లో, బీరువా మీద పెట్టిన పెట్టెకు ఆ ఫలితాలు వర్తించవు. పైగా చుక్కల మందుకు, సిరప్పుకు, ఆయింట్‌మెంటుకు సైతం ఆ వాదన పొడిగించడం ప్రమాదం. రంగు, వాసన చూస్తే చాలు అనడంలో కూడా సగమే నిజం. ఆస్పిరిన్‌కు తేమ తగిలితే వెనిగరు వాసన వస్తుంది, ఆ వాసన వచ్చిన మాత్రను పారవేయవలసిందే. కానీ చాలా మందులు బలం తగ్గినా చూపుకు, ముక్కుకు ఏ సూచనా ఇవ్వవు.

సుజాతగారూ, మీ నాన్నగారి పట్టిక చక్కగా ఉంది, దాన్ని అలాగే కొనసాగించండి. అయితే అది రోజూ తిరిగే మందుల పట్టిక. మాధవిగారు అడుగుతున్నది నెలల తరబడి ఎవరూ ముట్టుకోని పెట్టె గురించి. ముట్టుకోని పెట్టెలోనే గడువు ఎవరికీ తెలియకుండా దాటిపోతుంది.

వేణు, ఉప్పల్
8 మార్చి 2026, రాత్రి 9:05

రామచంద్రరావుగారు చెప్పిన నాలుగు గడులను నేను ఫోనులోని షీటులో పెట్టి చూశాను. ఒక ఇబ్బంది ఎదురైంది, అది చాలామందికి ఎదురవుతుంది కనుక రాస్తున్నాను. స్ట్రిప్పు మీద నెల, సంవత్సరం మాత్రమే ఉంటాయి. మనం షీటులో 03/2027 అని కొడితే అది దాన్ని 2027 మార్చి 1వ తేదీగా మార్చుకుంటుంది. అంటే నెల రోజులు ముందే గడువు అయిపోయినట్లు చూపిస్తుంది. C గడిలో ముద్రించిన గడువు, D లో తెరిచిన తేదీ, E లో తెరిచాక ఎన్ని నెలలు ఉంటే, తీసివేయవలసిన తేదీ గడిలో ఈ సూత్రం రాస్తే సరిగ్గా వస్తుంది:

```
=IF(D2="",EOMONTH(C2,0),MIN(EOMONTH(C2,0),EDATE(D2,E2)))
```

D ఖాళీగా ఉంటే ముద్రించిన నెల చివరి రోజును ఇస్తుంది. D లో తేదీ ఉంటే రెండింటిలో ముందు వచ్చేదాన్ని ఇస్తుంది. జవాబు ఏదో పెద్ద అంకెలాగా కనబడితే ఆ గడి రూపాన్ని తేదీగా మార్చాలి. నెల చివరి రోజు దాకా వాడవచ్చని నేను అనుకున్నది సరైనదేనా అని రామచంద్రరావుగారు చెప్పాలి.

రామచంద్రరావు, మలక్‌పేట
8 మార్చి 2026, రాత్రి 9:40

సరైనదే. నెల, సంవత్సరం మాత్రమే ముద్రించి ఉంటే ఆ నెల ఆఖరి రోజు వరకు అని మన మందుల నిబంధనల్లోనే ఉంది. అయితే షీటు ఎంత బాగున్నా, పెట్టె మూత లోపల ఒక కాగితం తప్పక ఉండాలి. అర్ధరాత్రి పిల్లవాడికి జ్వరం వచ్చినప్పుడు పెట్టె తెరిచేది షీటు తయారుచేసిన మనిషే అయి ఉంటాడని నమ్మకం లేదు.

ఇంకొక మాట. వస్తువు పేరు గడిలో పారాసిటమాల్ సిరప్ అని రాసి ఊరుకోవద్దు. ఐదు మిల్లీలీటర్లకు 120 మిల్లీగ్రాములది, 250 మిల్లీగ్రాములది రెండూ దుకాణాల్లో దొరుకుతాయి, సీసాలు చూడడానికి దాదాపు ఒకేలా ఉంటాయి. నిరుడు కొన్నది ఒకటి, ఈ ఏడాది దాని బదులు తెచ్చినది మరొకటి అయితే, పాత అలవాటుతో అదే మూత కొలతతో పోసినవారు పిల్లవాడికి రెట్టింపు మోతాదు ఇచ్చినట్లవుతుంది. అందుకని బలం కూడా పేరు పక్కనే రాయాలి. మార్చేటప్పుడు అదే బలం ఉన్నది తెచ్చారా అని సరిచూడాలి.

నస్రీన్, టోలీచౌకి
9 మార్చి 2026, ఉదయం 7:20

నేను అత్యవసర విభాగంలో నర్సుగా పనిచేస్తున్నాను. ఇప్పటిదాకా అందరూ మందుల గురించే మాట్లాడారు, కాని ఇంటి పెట్టెలో ముందుగా చెడిపోయేవి గాయానికి కట్టే వస్తువులు. స్టెరైల్ గాజు గుడ్డ ప్యాకెట్టు మీద 2029 అని ఉన్నా, దాని అంచు సీలు ఒక మూల ఊడినా, కాగితం మీద నీటి మరక పడినా, నా లెక్కలో ఆ గాజు ఇక స్టెరైల్ కాదు. ప్యాకెట్టును వెలుతురులో పెట్టి నాలుగు అంచులూ వేలితో తడిమి చూడండి. పెద్ద డబ్బాలో కుక్కి పెట్టిన ప్యాకెట్లు మూలల్లో మడత పడి, ఆ మడత దగ్గరే చిరుగుతాయి. అలాంటివి వంటగదిలో మసి తుడవడానికి వాడుకోవచ్చు గాని గాయం మీద పెట్టకూడదు.

అంటించే పట్టీలను వేడి పాడు చేస్తుంది. ఒక వేసవి గడిచాక జిగురు కారి కాగితానికి అంటుకుపోతుంది, లేదా ఎండిపోయి చర్మానికి పట్టదు. డబ్బాలో నుంచి ఒకటి తీసి చేతి మీద అంటించి, గంట తరువాత కూడా నిలిచి ఉందో లేదో చూడడమే పరీక్ష. రబ్బరు చేతి తొడుగులు రెండు వేళ్లతో లాగితే చిట్లినా, లోపల ఒకదానికొకటి అతుక్కున్నా మార్చాలి. క్రేప్ బ్యాండేజీని ఒక జానెడు లాగి వదిలితే వెంటనే దగ్గరకు రావాలి. అలలు అలలుగా వదులుగా ఉండిపోతే బెణికిన కాలికి అది పట్టు ఇవ్వదు. మాధవిగారు అడిగిన గడువు లేని వస్తువులకు నా జవాబు ఇదే: గడువు గడిలో కొన్న నెల రాసి, పక్కన ఏ పరీక్ష చేయాలో ఒక మాట రాయండి. థర్మామీటరుకు కూడా అంతే. మీట నొక్కితే అంకెలు స్పష్టంగా వెలుగుతున్నాయా, ఒంట్లో బాగున్న మనిషికి పెడితే నమ్మదగిన అంకె చూపుతోందా అని చూసి, బ్యాటరీ మార్చిన నెల రాసుకుంటే చాలు.

ట్యూబుకు ఆరు నెలలు అన్న రామచంద్రరావుగారి హద్దుతో నేను పూర్తిగా ఏకీభవించలేను. ట్యూబు మూతిని నేరుగా గాయానికి ఆనించి పూసిన ఇళ్లను నేను చాలా చూశాను. అలా ఆనించినది ఆరు రోజుల క్రితం తెరిచినదైనా పారవేయాలి. గాజు గుడ్డ ముక్క మీద వేసుకుని పూసే ఇంట్లో మాత్రమే ఆ ఆరు నెలల మాటకు అర్థం ఉంటుంది.

ఓఆర్ఎస్ పొడి ప్యాకెట్టును పిసికి చూడండి. పొడి గలగలమని కదలకుండా గడ్డ కట్టి ఉంటే తేమ చేరినట్లే, తేదీ ఉన్నా మార్చేయండి. పెట్టెలో ఉంచవలసినది లీటరు నీటిలో కలిపే పొడి. దుకాణంలో అమ్మే తీపి పానీయం కాదు. మన హైదరాబాదు పిల్లల వైద్యురాలు శివరంజని సంతోష్ గారు ఏళ్ల తరబడి పోరాడాక, 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ అలాంటి పానీయాల పేర్లలో ఓఆర్ఎస్ అన్న మాట వాడకూడదని ఆదేశించింది. మీ పెట్టెలో పాత డబ్బాలు ఉంటే ఇప్పుడే తీసివేయండి.

కిరణ్, మియాపూర్
9 మార్చి 2026, ఉదయం 9:50

గోదాముకూ బీరువా పైభాగానికీ తేడా ఉందన్న మాట ఒప్పుకుంటున్నాను. అయినా ఒక ప్రశ్న మిగిలే ఉంది. సీలు తీయని పారాసిటమాల్ స్ట్రిప్పు, గడువు దాటి రెండు వారాలైంది, రాత్రి రెండు గంటలకు ఇంట్లో 102 జ్వరం, దగ్గరలో దుకాణం లేదు. అప్పుడు వేయాలా, వద్దా?

రామచంద్రరావు, మలక్‌పేట
9 మార్చి 2026, ఉదయం 11:30

అది మీరు, ఫోనులో దొరికిన వైద్యుడు కలిసి తీసుకోవలసిన నిర్ణయం. నేను ఇక్కడ వేయమనీ, వద్దనీ రాయను. ఆ రాత్రి ఆ ప్రశ్నే రాకుండా చూడడానికి పెట్టె ఉంది. పదిహేను మాత్రల స్ట్రిప్పు వెల ఒక సినిమా టికెట్టు వెలలో చిన్న భాగం.

వృథా అన్న మీ బాధకు మాత్రం మంచి మార్గం ఉంది. గడువు అయ్యాక పారవేసే బదులు, గడువుకు కొన్ని నెలల ముందే ఆ వస్తువును పెట్టెలో నుంచి తీసి ఇంట్లో రోజువారీ వాడకానికి ఇచ్చి, దాని స్థానంలో కొత్తది పెట్టాలి. పారాసిటమాల్, ఓఆర్ఎస్, పట్టీలు ఏ ఇంట్లోనైనా ఖర్చవుతాయి. అలా చేస్తే పారవేయవలసినవి తెరిచిన ట్యూబులు, చుక్కల మందులు మాత్రమే మిగులుతాయి. కొనేటప్పుడు కనీసం పద్దెనిమిది నెలల గడువు మిగిలిన సరుకు అడగండి; అరలో ముందు వరుసలో ఉన్నది దగ్గరి గడువుది అయి ఉంటుంది, వెనుక వరుసలోనిది ఇమ్మంటే ఇస్తారు.

సుజాత, సైనిక్‌పురి
9 మార్చి 2026, మధ్యాహ్నం 1:15

ఇప్పుడు ప్రశ్న అర్థమైంది. అయితే మా నాన్నగారికి గుండెలో నొప్పి వస్తే నాలుక కింద పెట్టుకోమని డాక్టరుగారు ఇచ్చిన మాత్ర ఉంది. అది రోజూ వాడేది కాదు, ఈ పెట్టెలోనే ఉంచాము. దానికి కూడా ఉగాది నుంచి ఉగాదికి చూస్తే సరిపోతుందా?

రామచంద్రరావు, మలక్‌పేట
9 మార్చి 2026, మధ్యాహ్నం 2:05

సరిపోదు. దాన్ని ఈ ఏడాది తనిఖీకి వదలవద్దమ్మా. ఆ జాతి మందుల్లో కొన్ని వేడికి, గాలికి త్వరగా బలం కోల్పోతాయి, కొన్ని కాస్త నిలకడగా ఉంటాయి; మీ దగ్గర ఉన్నది ఏదో స్ట్రిప్పు చూపించి డాక్టరుగారిని గాని ఫార్మసిస్టును గాని అడగండి. ఏదైనా సరే, అసలు ప్యాకింగులోనే ఉంచి, నాన్నగారి చేతికి అందే చోట విడిగా పెట్టి, నెలనెలా ఆయన మందులు తెచ్చే రోజున దాని తేదీ కూడా చూడండి. మీ నెల పట్టికలో దానికి ఒక వరుస చేర్చండి. పెట్టె పట్టికలో ఆ మందు ఎక్కడుందో మాత్రం రాయండి. నొప్పి వచ్చినప్పుడు మాత్ర ఇచ్చామని ఆగకుండా 108కి ఫోను చేయాలని ఆ వరుసలోనే రాసి ఉంచితే, ఇంట్లో కొత్తగా వచ్చినవారికి కూడా తెలుస్తుంది.

మాధవి, నల్లకుంట
15 మార్చి 2026, సాయంత్రం 6:30

ఈ రోజు ఆదివారం కావడంతో పండుగ దాకా ఆగకుండా పెట్టె మొత్తం నేల మీద దుప్పటి పరచి పోశాను. మీరందరూ చెప్పినట్లు ఒక్కొక్కటీ చూసి రాసిన పట్టికలో చెప్పుకోదగిన వరుసలు ఇవి. వచ్చే ఉగాది వరకు నిలుస్తుందా అన్నదే ప్రతి దానికీ వేసుకున్న ప్రశ్న.

పారాసిటమాల్ 650, పూర్తి స్ట్రిప్పు, పదిహేను మాత్రలు, ముద్రించిన గడువు 2027 ఆగస్టు. పెట్టెలోనే ఉంటుంది. ఓఆర్ఎస్ నాలుగు ప్యాకెట్లు, 2027 జనవరి. పొడి గలగలమంటోంది, కానీ వచ్చే ఉగాదికి ముందే గడువు అయిపోతుంది. వాటిని ఈ వేసవిలో వాడుకోవడానికి వంటగదికి పంపి, 2028 దాకా ఉన్నవి తెచ్చాను. బెటాడిన్ ట్యూబు, ముద్రించినది 2027 నవంబరు, తెరిచినది 2025 ఆగస్టు, తీసివేయవలసినది 2026 ఫిబ్రవరి, తీసివేశాను. కొత్త ట్యూబు సీలు తీయకుండా పెట్టి, తెరిచిన తేదీ గడి ఖాళీగా ఉంచాను. స్టెరైల్ గాజు ఆరు ప్యాకెట్లు, అన్నిటి మీదా 2029 అనే ఉంది. నస్రీన్‌గారు చెప్పినట్లు అంచులు తడిమితే రెండింటికి మూల దగ్గర సీలు విడిపోయి, లోపలి గాజు దారం ఒకటి బయటికి కనబడింది. కంటితో మామూలుగా చూస్తే ఆ రెండూ మిగతా వాటిలాగే ఉన్నాయి. పిల్లలకు కళ్లకలక వచ్చినప్పుడు తెరిచిన చుక్కల మందు సగం సీసా ఉంది, గడువు 2026 డిసెంబరు; తెరిచి నెల ఎప్పుడో దాటింది కనుక అదీ పోయింది. సెట్రిజిన్ బిల్లు దొరకలేదు. క్రేప్ బ్యాండేజీ బాగా సాగి దగ్గరకు వచ్చింది, పట్టీలు మాత్రం చేతికి అంటుకోలేదు.

పెట్టెను బీరువా మీద నుంచి దించాను. మాది పై అంతస్తు కావడం వల్ల స్లాబు వేడి నేరుగా అక్కడికే తగులుతుంది. పడక గదిలో తూర్పు గోడ వైపు ఉన్న చెక్క బీరువా మధ్య అరలో, పిల్లలకు అందని ఎత్తులో పెట్టాను. ఫ్రిజ్‌లో పెడితే ఇంకా మంచిదా అని మా అత్తగారు అడుగుతున్నారు.

రామచంద్రరావు, మలక్‌పేట
15 మార్చి 2026, రాత్రి 8:10

చాలా శ్రద్ధగా చేశారు. ఫ్రిజ్ వద్దని అత్తగారికి చెప్పండి. ఫ్రిజ్‌లో ఉంచమని డబ్బా మీద రాసిన మందులకే ఫ్రిజ్. మిగతావాటిని అందులో పెట్టి తీస్తూ ఉంటే రేకు మీద, గాజు ప్యాకెట్ల మీద చెమ్మ పట్టి అసలుకే మోసం వస్తుంది. చాలా మందుల మీద 25 లేదా 30 డిగ్రీలకు మించకుండా ఉంచమని ఉంటుంది. మే నెలలో మన ఇళ్లలో ఏ గదీ ఆ మాట నిలబెట్టదు. కాబట్టి ఉన్నవాటిలో చల్లని, పొడి చోటు వెతకడమే మన పని, మీరు ఎంచుకున్న అర బాగుంది. వంటగది, స్నానాల గది పక్కన గోడ, కారు డిక్కీ మాత్రం పనికిరావు.

పద్మావతి, దిల్‌సుఖ్‌నగర్
16 మార్చి 2026, ఉదయం 6:45

అమ్మాయి మాధవీ, నీ పట్టిక బాగుంది కానీ ఉగాది నుంచి ఉగాదికి అంటే పన్నెండు నెలలని నువ్వు లెక్క వేసుకున్నట్లున్నావు. ఈ సంవత్సరం ఉగాది మార్చి 19న వస్తోంది. రాబోయే పరాభవ నామ సంవత్సరంలో అధిక జ్యేష్ఠం ఉంది కాబట్టి ఆపై ఉగాది 2027 ఏప్రిల్ 7న గాని రాదు. నీ పెట్టెలో 2027 మార్చి గడువు ఉన్న వస్తువు ఏదైనా ఉంటే, పండుగ నాటికి దాని గడువు దాటి వారం అయి ఉంటుంది. పట్టిక మీద పండుగ పేరు ఎలాగూ రాస్తావు, దాని పక్కన తేదీ కూడా వేసుకో.

మాధవి, నల్లకుంట
16 మార్చి 2026, ఉదయం 8:00

పద్మావతమ్మగారూ, మీరు చెప్పాక మళ్లీ చూశాను. యాంటాసిడ్ సిరప్ సరిగ్గా 2027 మార్చిదే ఉంది. దాన్ని ఇంట్లో వాడకానికి తీసి, మూత లోపలి కాగితం మీద "వచ్చే తనిఖీ 7 ఏప్రిల్ 2027" అని పెద్ద అక్షరాలతో రాశాను.

నస్రీన్, టోలీచౌకి
16 మార్చి 2026, రాత్రి 10:20

అయితే తనిఖీ ఉగాదికే ఎందుకు అన్నది నా సందేహం. పెట్టెకు అసలు దెబ్బ తగిలేది ఏప్రిల్, మే నెలల్లో. ఉగాదికి అన్నీ సరిచూసి పెట్టిన పట్టీలు, తొడుగులు, ఆయింట్‌మెంట్లు ఆ రెండు నెలల వేడి తిని, మిగతా పది నెలలూ అలాగే పెట్టెలో ఉంటాయి. మృగశిర కార్తె వచ్చి, బళ్లు తెరిచే జూన్‌లో చూస్తే వేడికి పాడైనవి అప్పటికప్పుడు దొరుకుతాయి, వానాకాలపు విరేచనాలకు ఓఆర్ఎస్ కూడా కొత్తది సిద్ధంగా ఉంటుంది.

వేణు, ఉప్పల్
16 మార్చి 2026, రాత్రి 10:55

నస్రీన్‌గారి కారణం బలమైనదే. కానీ జూన్ మొదటి వారంలో పుస్తకాలు, ఫీజులు, యూనిఫారాల మధ్య పెట్టె గుర్తుకు రావడం కష్టం. ఉగాదికి ఎలాగూ ఇల్లంతా దులుపుతాము. తేదీలన్నీ ఉగాదికి చూసి, జూన్‌లో పట్టీలు, తొడుగులు, గాజు ప్యాకెట్లు మాత్రం చేతితో పరీక్షించేలా షీటులో ఒక గడి చేర్చాను. అది పది నిమిషాల పని.

రామచంద్రరావు, మలక్‌పేట
17 మార్చి 2026, ఉదయం 7:10

నేనైతే ఇప్పటికీ ఉగాది వైపే ఉన్నాను, కారణం కొనుగోలు. వేసవి మొదలయ్యాక ఓఆర్ఎస్‌కు గిరాకీ పెరిగి, దూరపు గడువు సరుకు ఏరుకునే వీలు దుకాణాల్లో తగ్గుతుంది. నస్రీన్‌గారు వేడి గురించి చెప్పినది కాదనలేను.

సుజాత, సైనిక్‌పురి
17 మార్చి 2026, ఉదయం 9:35

తీసివేసిన మందులను ఏమి చేయాలో ఎవరూ చెప్పలేదు. మా ఇంట్లో ఒక సంచి నిండా ఉన్నాయి. సింకులో పోయవచ్చా?

రామచంద్రరావు, మలక్‌పేట
17 మార్చి 2026, ఉదయం 10:15

సింకులో, మరుగుదొడ్డిలో పోయవద్దు. మత్తు కలిగించే బలమైన నొప్పి మందులు కొన్నింటికి వేరే సూచనలు ఉన్నాయి. అలాంటివి ఉంటే ఇచ్చిన ఆసుపత్రిని అడగండి. 2016 నాటి ఘన వ్యర్థాల నిబంధనల ప్రకారం గడువు తీరిన మందులు, వాడిన సూదులు, పగిలిన పాదరసం థర్మామీటరు ఇంటి ప్రమాదకర చెత్త కింద వస్తాయి కనుక తడి, పొడి చెత్తలో కలపకుండా విడిగా సంచిలో కట్టి ఇవ్వాలి. ఇచ్చే ముందు స్ట్రిప్పులను కత్తెరతో రెండు మూడు ముక్కలు చేసి, మాత్రలు చెదిరేలా చేయండి. సీసాల లేబుళ్ల మీద పేరు, తేదీ పెన్నుతో కొట్టివేయండి. మళ్లీ అమ్మకానికి పోకుండా ఉండేందుకు ఇది అవసరం. సూదులు ఉంటే మందపాటి ప్లాస్టిక్ సీసాలో వేసి మూత బిగించండి.

సుజాత, సైనిక్‌పురి
17 మార్చి 2026, ఉదయం 10:50

విడిగా కట్టి ఇస్తే మా వీధికి వచ్చే స్వచ్ఛ ఆటోలో అన్నీ ఒకే గుట్టలో వేస్తున్నారు. ఇలాంటి సంచిని తిరిగి తీసుకునే మందుల దుకాణం గాని ఆసుపత్రి గాని సైనిక్‌పురి, ఏ.ఎస్.రావు నగర్ వైపు ఎవరికైనా తెలిస్తే రాయగలరు. అప్పటిదాకా సంచికి ముడి వేసి, "వాడకూడదు" అని కాగితం అంటించి, పెట్టెకు దూరంగా మరో గదిలో ఉంచాను.